సిమ్ సరెండర్ చేసే ముందు నంబర్‌ని అకౌంట్ల నుంచి ఎలా తీసేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

2022లో నేనొక కొత్త నంబర్ తీసుకున్నాను. వారం తిరక్కుండానే ఎవరో పిల్లాడు ఆ రోజు బడికి రాలేదని మెసేజ్ వచ్చింది. తర్వాత లోన్ వాయిదా కట్టమని ఫోన్లు మొదలయ్యాయి. ఒక ఫుడ్ డెలివరీ యాప్‌లో నా నంబర్ కొట్టి ఓటీపీ ఇచ్చేసరికి, ముక్కూమొహం తెలియని ఒకాయన పేరు, ఇంటి నంబర్, ఫ్లోర్, పాత ఆర్డర్లు అన్నీ కనిపించాయి. వెంటనే లాగౌట్ అయ్యాను కానీ, నా బదులు ఇంకెవరైనా అయితే ఏం చేసేవారో అని చాలాసేపు అనిపించింది. పాపం ఆయన సిమ్ వదిలేశాడు, అంతటితో అయిపోయిందనుకున్నాడు.

అందుకే తెనాలిలో ఉండే మా పిన్ని, పన్నెండేళ్లుగా వాడుతున్న పాత సిమ్ ఇచ్చేస్తానని అన్నప్పుడు, "రెండు వారాలు ఆగు పిన్నీ, నేనొచ్చి అన్నీ చూస్తాను" అన్నాను. అప్పుడు ఆమె అడిగినవి, తర్వాత స్నేహితులు అడిగినవి ఇక్కడ రాస్తున్నాను.

## సిమ్ సరెండర్ చేస్తే దానితో ఉన్న అకౌంట్లు వాటంతటవే పోవా?

పోవు. సిమ్ అనేది మీకూ మొబైల్ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందం మాత్రమే. మీరు దాన్ని రద్దు చేసుకున్న సంగతి మీ వాట్సాప్‌కో, గూగుల్‌కో, కరెంటు బిల్లు కట్టే యాప్‌కో ఎవరూ చెప్పరు. వాళ్ల దగ్గర ఆ నంబర్ ఇంకా మీదే.

రద్దయిన నంబర్ల జాబితా ఒకటి ఉంది. బ్యాంకులు ఆ జాబితాతో తమ ఖాతాదారుల నంబర్లను సరిచూసుకోవాలని రిజర్వ్ బ్యాంక్ 2025 జనవరిలో ఆదేశించింది. మంచిదే. కానీ అది బ్యాంకుల వరకే. పైగా బ్యాంకు తన రికార్డులోంచి పాత నంబర్ తీసేసినా, మీ కొత్త నంబర్ దానికి తెలియదు కదా. అది మీరే ఇవ్వాలి.

యాప్‌ని ఫోన్లోంచి అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఇదే సంగతి. యాప్ పోతుంది, అకౌంట్ వాళ్ల సర్వర్‌లో అలాగే ఉంటుంది.

## నా నంబర్ వేరేవాళ్లకి ఎప్పుడు వెళ్తుంది?

రద్దయిన నంబర్‌ని కనీసం 90 రోజుల వరకు కొత్తవాళ్లకి ఇవ్వకూడదు. ఈ విషయం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు కూడా చెప్పింది. ఆ 90 రోజుల తర్వాత ఏ రోజైనా అది ఇంకొకరి చేతికి వెళ్లొచ్చు.

సరెండర్ చేయకుండా ఊరికే డ్రాయర్‌లో పడేసిన ప్రీపెయిడ్ సిమ్ కూడా శాశ్వతంగా మీది కాదు. 90 రోజులపాటు కాల్, మెసేజ్, డేటా ఏదీ వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. 20 రూపాయలు లేదా అంతకంటే ఎక్కువ బ్యాలెన్స్ ఉంటే అందులోంచి కోసుకుంటూ మరికొన్నాళ్లు ఉంచుతారు. ఆపేశాక తిరిగి తెచ్చుకోవడానికి 15 రోజుల గడువు ఉంటుంది. కాబట్టి "ఇంట్లోనే ఉంది కదా" అని వదిలేసిన సిమ్ గురించి కూడా ఈ పనులన్నీ చేయాలి. అదీ సిమ్ పనిచేస్తుండగానే.

## అన్ని అకౌంట్లలో "డిలీట్" కొడితే సరిపోతుందా?

ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఒక అకౌంట్‌లో మీ నంబర్ మూడు రకాల పనులు చేస్తూ ఉండొచ్చు.

మొదటిది చిరునామా పని. అంటే మీకు కబురు చెప్పడానికి మాత్రమే వాడే నంబర్. గ్యాస్ ఏజెన్సీ, స్కూల్, బట్టల షాపు ఇలాంటివి. రెండోది పేరు పని. షాపింగ్, ఫుడ్, క్యాబ్ యాప్‌లలో నంబరే మీ లాగిన్. ఓటీపీ ఎవరికి వస్తే వాళ్లే మీరు. మూడోది తాళంచెవి పని. గూగుల్, ఫేస్‌బుక్ లాంటి చోట్ల లాగిన్ ఈమెయిల్‌తోనే ఉన్నా, పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి తెరిచే దారి ఆ నంబరే.

చిరునామా అయితే మారిస్తే చాలు. ఆలస్యమైనా కొంప మునగదు. పేరు అయితే కొత్త నంబర్‌కి మార్చాలి, లేదా అకౌంటే మూసేయాలి. తాళంచెవి అయితే ముందు కొత్త తాళంచెవి పెట్టి, అది పనిచేస్తోందని చూసుకుని, ఆ తర్వాతే పాతది తీయాలి. పాతది ముందే తీసేస్తే, మధ్యలో ఎక్కడైనా ఆగిపోయినప్పుడు మీ అకౌంట్‌లోకి మీరే వెళ్లలేకపోవచ్చు.

## ఎక్కడెక్కడ ఈ నంబర్ ఇచ్చానో గుర్తు లేదు. ఎలా వెతకాలి?

మీ మెసేజ్‌ల డబ్బాయే అసలైన జాబితా. ఫోన్‌లో మెసేజ్ యాప్ తెరిచి OTP, code, verify, A/c, due, policy అనే మాటలతో ఒక్కొక్కటిగా వెతకండి. పంపినవాళ్ల పేర్లు కాగితం మీద రాసుకోండి. పిన్ని ఫోన్‌లో అలా వెతికితే ఒక గంటలో ఇరవై మూడు పేర్లు వచ్చాయి. ఆమెకి గుర్తున్నవి ఎనిమిదే. మిగతావాటిలో ఎప్పుడో తీసుకున్న ఒక ఇన్సూరెన్స్ పాలసీ, పక్కింటావిడ కోసం టికెట్ బుక్ చేసిన బస్సు యాప్, ఒక చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్న రెండో బ్యాంకు ఉన్నాయి.

మెసేజ్‌లు ఎప్పటికప్పుడు తుడిచేసే అలవాటుంటే ఈమెయిల్‌లో అదే వెతుకులాట చేయండి. ఫోన్‌లో ఉన్న యాప్‌లన్నీ వరుసగా చూడండి. క్రోమ్ వాడుతుంటే passwords.google.com లో దాచిన లాగిన్‌లలో యూజర్‌నేమ్ దగ్గర మీ నంబర్ ఉన్నవి కనిపిస్తాయి.

కాగితం మీద ప్రతి పేరు పక్కన చిరునామా, పేరు, తాళంచెవి, ఈ మూడింటిలో ఏదో రాసుకుంటే తర్వాతి పని తేలికవుతుంది.

## ఏ వరుసలో చేయాలి? ఎన్నాళ్లు పడుతుంది?

రెండు సిమ్‌లూ పనిచేస్తున్న ఫోన్ చేతిలో ఉంచుకుని రెండు, మూడు వారాలు పెట్టుకోండి. ఆధార్ ముందు, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత యూపీఐ, తర్వాత గూగుల్, వాట్సాప్, చివర్లో షాపింగ్ యాప్‌లు. మొదటి వాటికి రోజులు పడతాయి, పైగా బ్యాంకు లాంటి చోట్ల పాత నంబర్‌కి ఓటీపీ రావాల్సిన అవసరం పడొచ్చు. చివరివి ఒక మధ్యాహ్నంలో అయిపోతాయి.

## ఆధార్‌లో నంబర్ మార్చడానికి ఏం కావాలి?

ఆధార్ కేంద్రానికి వెళ్తే మొబైల్ నంబర్ మార్పుకి ఏ డాక్యుమెంటూ అడగరు. మీ వేలిముద్రతోనే పని జరుగుతుంది, పాత నంబర్‌కి ఓటీపీ కూడా అక్కర్లేదు. 2025 అక్టోబర్ నుంచి రుసుము 75 రూపాయలు. కేంద్రం దాకా వెళ్లలేని పెద్దవాళ్లకి పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి నంబర్ మార్చే సదుపాయం 2021 నుంచి ఉంది. మీ పోస్టాఫీసులో అడగండి.

వాళ్లిచ్చే రసీదు మీద ఉన్న యూఆర్ఎన్ నంబర్ దాచుకోండి. మార్పు పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి myaadhaar.uidai.gov.in లో Check Aadhaar Validity అనేది తెరిచి ఆధార్ నంబర్ కొడితే, లింకైన మొబైల్ చివరి మూడు అంకెలు కనిపిస్తాయి. అక్కడ కొత్త నంబర్ అంకెలు కనిపించేదాకా పాత సిమ్ ఇవ్వొద్దు. పిన్ని విషయంలో నాలుగో రోజుకి మారింది, కానీ అందరికీ అంత త్వరగా అవుతుందని లెక్క వేసుకోకండి.

డిజిలాకర్, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్, పీఎఫ్ లాంటి చోట్ల ఆధార్ ఓటీపీతో లోపలికి వెళ్లే దారి ఉంటుంది. ఆధార్‌లో నంబర్ మారితే ఆ ఓటీపీ కొత్త నంబర్‌కి వస్తుంది. కానీ ఆ పోర్టళ్లలో మీ ప్రొఫైల్‌లో రాసి ఉన్న నంబర్ దానంతట అది మారదు. లోపలికి వెళ్లి విడిగా మార్చాలి.

## బ్యాంకు, యూపీఐ సంగతి?

ఒక బ్యాంకులో మారిస్తే ఇంకో బ్యాంకులో మారదు. ఎన్ని ఉంటే అన్నిచోట్లా చేయాలి. ఉదాహరణకి స్టేట్ బ్యాంక్ నెట్ బ్యాంకింగ్‌లో పాత, కొత్త నంబర్లు రెండింటికీ వచ్చే ఓటీపీలతో మార్చుకోవచ్చు, లేదా ఏటీఎంలో కార్డు పెట్టి ఆమోదించవచ్చు. ఏదీ కుదరకపోతే ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి వెళ్లడమే. పాత సిమ్ పనిచేస్తుంటే ఇంట్లో కూర్చుని అయ్యే పని, సిమ్ పోయాక బ్రాంచిలో లైన్లో నిలబడే పని అవుతుంది.

మారిందో లేదో చూడటానికి బ్యాలెన్స్ కోసం ఇచ్చే మిస్డ్ కాల్ మంచి పరీక్ష. కొత్త నంబర్ నుంచి కొడితే బ్యాలెన్స్ మెసేజ్ రావాలి. పాత నంబర్ నుంచి కొడితే రాకూడదు. రెండూ చూడండి.

యూపీఐలో ఒక చిక్కుంది. యూపీఐ యాప్ మీ ఫోన్లో ఉన్న సిమ్‌ని, బ్యాంకులో ఉన్న నంబర్‌ని సరిపోల్చుకుంటుంది. బ్యాంకులో నంబర్ మార్చిన క్షణం నుంచి పాత నంబర్‌తో నడుస్తున్న యూపీఐ ఆగిపోవచ్చు. అందుకని బ్యాంకుకి వెళ్లే ముందే యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి, ఏ బిల్లులు నెలనెలా దానంతటవే కోసుకుంటున్నాయో రాసుకోండి. వాటిని కొత్త నంబర్‌తో మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది. పాత యాప్ ప్రొఫైల్‌లో బ్యాంకు ఖాతాలను ఒక్కొక్కటిగా తీసేసి, ఆ అకౌంట్‌నే మూసేయండి. బ్యాంకులో కొత్త నంబర్ ఎక్కాక దానితో మళ్లీ మొదలుపెట్టండి.

పిన్ని ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆమె గోడకి అంటించిన క్యూఆర్ కోడ్ పాత నంబర్‌తో తీసుకున్న యూపీఐ ఐడీది. ఖాతా తీసేయగానే అది పనిచేయలేదు. కొత్తది ప్రింట్ తీయించి పాతది చింపేశాం. దానికంటే ముఖ్యమైనది, నంబర్ కొట్టి డబ్బు పంపే వాళ్లకి చెప్పడం. మూణ్నాలుగు నెలల తర్వాత ఆ నంబర్ ఇంకొకరికి వెళ్లి, వాళ్లు దానితో యూపీఐ పెట్టుకుంటే, అలవాటుగా ఆ నంబర్ కొట్టి పంపిన డబ్బు వాళ్లకే చేరుతుంది. పంపే ముందు తెరమీద వచ్చే పేరు చూడమని కూడా ఆమె తన కస్టమర్లందరికీ చెప్పింది.

## వాట్సాప్‌లో నంబర్ మార్చాలా, అకౌంట్ తీసేయాలా?

కొత్త నంబర్‌కి ఇంకా వాట్సాప్ లేకపోతే మార్చడమే మంచిది. పాత నంబర్‌తో వాట్సాప్ నడుస్తున్న ఫోన్లోనే Settings, Account, Change number లోకి వెళ్లి రెండు నంబర్లూ ఇవ్వాలి. కోడ్ కొత్త నంబర్‌కి వస్తుంది. చాట్‌లు, గ్రూపులు అలాగే ఉంటాయి, పాత నంబర్ అకౌంట్ పోతుంది. గ్రూపుల్లో మార్పు అందరికీ తెలుస్తుంది. విడిగా ఎవరికి తెలియజేయాలో మీరే ఎంచుకోవచ్చు. మార్చాక ఒకసారి కొత్తగా బ్యాకప్ తీసుకోండి.

కొత్త నంబర్‌కి ఇప్పటికే వేరే వాట్సాప్ ఉంటే ఈ దారి పట్టకండి. పాతదాంట్లో కావాల్సిన చాట్‌లు, ఫోటోలు బయటికి తీసుకుని Delete account చేయండి. అడ్మిన్‌గా ఉన్న గ్రూపులుంటే ముందు ఇంకొకరిని అడ్మిన్ చేయడం మర్చిపోకండి.

ఏమీ చేయకుండా వదిలేస్తే ఏమవుతుంది? 45 రోజులు వాడని నంబర్‌తో వేరే ఫోన్‌లో ఎవరైనా వాట్సాప్ మొదలుపెడితే, నంబర్ చేతులు మారిందని వాట్సాప్ భావించి పాత ఫోటో, పాత వివరాలు తీసేస్తుంది. మీ చాట్‌లు కొత్తవాళ్లకి కనిపించవు. కానీ మీరు పాత నంబర్‌తోనే ఆ ఫోన్‌లో వాట్సాప్ వాడుతూ ఉంటే, కొత్తవాళ్లు లాగిన్ అయిన రోజున మీది ఊడిపోతుంది. నంబర్ మార్చిన సంగతి తెలియని బంధువులు మీకనుకుని పంపే ఫోటోలు, కబుర్లు వాళ్ల ఫోన్‌కి చేరతాయి.

టెలిగ్రామ్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ మామూలు చాట్‌లు సర్వర్‌లో ఉంటాయి. టూ-స్టెప్ పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే, ఆ నంబర్‌కి వచ్చే కోడ్‌తో లాగిన్ అయినవాళ్లకి మీ పాత చాట్‌లు కనిపించే ప్రమాదం ఉంది. Settings లో మీ నంబర్ మీద నొక్కి కొత్త నంబర్‌కి మార్చేయండి.

## గూగుల్‌లో నంబర్ తీసేశాను. ఇంకా పాత నంబర్‌కే కోడ్ పంపుతానంటోంది ఎందుకు?

రికవరీ నంబర్ మార్చాక ఏడు రోజులపాటు గూగుల్ పాత నంబర్‌కి కూడా కోడ్ పంపుతాననవచ్చు. మీ అకౌంట్ ఎవరైనా కాజేసి నంబర్ మారిస్తే మీరు వెనక్కి తెచ్చుకోవడానికి ఆ గడువు. అందుకే గూగుల్ పని సరెండర్‌కి కనీసం పది రోజుల ముందే పూర్తి చేయండి.

గూగుల్‌లో నంబర్ ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉంటుంది. myaccount.google.com లో Personal info కింద ఒకచోట, Security కింద రికవరీ ఫోన్‌గా ఒకచోట, 2-Step Verification లో ఇంకొకచోట. మూడూ తెరిచి చూడండి. అక్కడే బ్యాకప్ కోడ్‌లు తీసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకుంటే, ఏ ఫోనూ లేకపోయినా లోపలికి వెళ్లొచ్చు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలోనూ ఇలాగే రెండు చోట్లు. Accounts Center లో Personal details కింద Contact info, అలాగే Password and security కింద Two-factor authentication. ఒకచోట తీసేసి రెండోచోట వదిలేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

## షాపింగ్, ఫుడ్, క్యాబ్ యాప్‌లలో?

ప్రొఫైల్‌లో నంబర్ మార్చే వీలుంటే మార్చండి. దీనికి సాధారణంగా పాత నంబర్‌కి, కొత్త నంబర్‌కి ఓటీపీ వస్తుంది. వాడని యాప్ అయితే ముందు దాచిన చిరునామాలు, కార్డులు తీసేసి, వాలెట్‌లో డబ్బుంటే వాడేసి, తర్వాత అకౌంట్ డిలీట్ చేయండి. ఈ వరుస ఎందుకంటే, డిలీట్ పెట్టినా కొన్నిచోట్ల పూర్తిగా పోవడానికి రోజులు పడుతుంది. ఆలోపు ఎవరైనా తెరిచినా లోపల మీ ఇంటి అడ్రస్ ఉండకూడదు.

డిలీట్ చేసే బటన్ కనబడకపోతే హెల్ప్ విభాగంలోంచి రాయండి. "ఈ నంబర్ ఫలానా తేదీ నుంచి నాది కాదు, దీన్ని నా అకౌంట్ నుంచి తొలగించండి" అని ఈమెయిల్‌లో రాసి పెడితే తేదీతో సహా మీ దగ్గర రుజువు ఉంటుంది.

## సిమ్ ఇప్పటికే ఇచ్చేశాను. ఇప్పుడేం చేయాలి?

ఇచ్చి కొద్ది రోజులే అయితే, తిరిగి ఇస్తారేమో ముందు ఆ కంపెనీ స్టోర్‌కి వెళ్లి అడగండి. ఇవ్వకపోయినా ఆ 90 రోజులు మీకున్న సమయమే అనుకుని పని మొదలుపెట్టండి.

ఇంకా లాగిన్ అయి ఉన్న ఫోన్‌ని అస్సలు రీసెట్ చేయకండి, ఏ యాప్ నుంచీ లాగౌట్ అవ్వకండి. సిమ్ లేకపోయినా వాట్సాప్ ఆ ఫోన్‌లో ఇంకా నడుస్తుంటే, అక్కడి నుంచి Change number చేయొచ్చు. టెలిగ్రామ్, గూగుల్ కూడా లాగిన్ అయి ఉన్న ఫోన్ నుంచే మార్చుకోవచ్చు. ఆధార్‌కి వేలిముద్ర చాలు, బ్యాంకుకి బ్రాంచి ఉంది. నిజంగా కష్టమయ్యేవి, నంబర్ తప్ప ఇంకే ఆధారమూ లేని యాప్‌లు. వాటికి హెల్ప్‌లైన్ తప్ప దారి లేదు.

## నేను అమెరికాలో ఉంటాను. ఇండియా నంబర్ వదిలేయొచ్చా?

ఆధార్ ఒక్కటే పెద్ద అడ్డంకి. ఆధార్‌కి విదేశీ నంబర్ ఇవ్వడం కుదరదు. ఒకే ఇండియా నంబర్‌ని ఇంట్లో ఒకరి కంటే ఎక్కువమంది ఆధార్‌కి పెట్టుకోవచ్చు కాబట్టి, ఈసారి ఊరికొచ్చినప్పుడు అమ్మదో అన్నయ్యదో నంబర్ పెట్టుకోండి. ఓటీపీ వాళ్లని అడిగి చెప్పించుకోవాలన్నది గుర్తుంచుకుని, పూర్తిగా నమ్మే మనిషినే ఎంచుకోండి. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకి విదేశీ నంబర్ ఇచ్చే వీలుందేమో మీ బ్యాంకుని అడగండి. అమెరికా, బ్రిటన్, సింగపూర్, యూఏఈ లాంటి కొన్ని దేశాల నంబర్లతో ఈ ఖాతాలకి యూపీఐ కూడా 2023 నుంచి అనుమతించారు.

## అన్నీ అయ్యాయని ఎలా తెలుస్తుంది? సరెండర్ రోజున ఏం చేయాలి?

పాత సిమ్‌ని ఫోన్లోనే ఉంచి, దాంతో ఏమీ చేయకుండా ఒక వారం ఆగండి. ఆ వారంలో దానికి వచ్చే ప్రతి మెసేజ్ మీరు మర్చిపోయిన ఒక అకౌంట్. పిన్నికి అయిదో రోజున ఒక మెసేజ్ వచ్చింది, కరెంటు బిల్లు తయారైందని. జాబితాలో అది లేనే లేదు. ఆరో రోజున చిట్టీ కంపెనీ నుంచి ఇంకొకటి. రెండూ అప్పుడే మార్చాం. ఆ తర్వాత మరో వారం ఆగితే ప్రచార మెసేజ్‌లు తప్ప ఇంకేమీ రాలేదు.

ఇవ్వబోయే ముందు సిమ్‌లో దాచిన కాంటాక్ట్‌లు ఫోన్లోకి మార్చుకుని సిమ్ మీద తుడిచేయండి. పోస్ట్‌పెయిడ్ అయితే చివరి బిల్లు కట్టి రసీదు తీసుకోండి, డిపాజిట్ ఉంటే వెనక్కి అడగండి. గుర్తింపు కార్డు పట్టుకుని మీ కంపెనీ స్టోర్‌లో అర్జీ ఇచ్చి, రిక్వెస్ట్ నంబర్ రాయించుకోండి.

తర్వాత కొద్ది రోజులకి tafcop.sancharsaathi.gov.in లో కొత్త నంబర్‌తో లాగిన్ అవ్వండి. మీ పేరు మీద ఉన్న నంబర్లన్నీ అక్కడ కనిపిస్తాయి. పాత నంబర్ ఇంకా కనిపిస్తుంటే దాని పక్కన Not required ఎంచుకుని రిపోర్ట్ చేయండి. పిన్ని జాబితాలో పదో రోజున ఒక్క నంబరే మిగిలింది.